నీడతో చెట్టు ఎత్తు కొలిచే లెక్క

చెట్టు ఎక్కకుండా, పైనుంచి తాడు వదలకుండా దాని ఎత్తు తెలుసుకోవాలంటే మూడు కొలతలు చాలు. ఒక కర్ర పొడవు, ఆ కర్ర నీడ పొడవు, చెట్టు నీడ పొడవు. మూడూ నేలమీద నిలబడి టేపుతో కొలవగలిగినవే. నాలుగోదైన చెట్టు ఎత్తు లెక్కలో తేలుతుంది. దీని వెనక ఉన్నది పదో తరగతి పుస్తకంలో కనిపించే సరూప త్రిభుజాల సూత్రం. పుస్తకంలోని బొమ్మలో నేల చదునుగా ఉంటుంది, నీడ కొస గీత గీసినట్టు తెలుస్తుంది, చెట్టు మొదలు దాకా అడ్డేమీ ఉండదు. ఊళ్లో ఉన్న చెట్టు దగ్గర ఈ మూడూ ఒకేసారి కుదరడం అరుదు. అలా కుదరని చోట్ల కూడా అదే సూత్రంతో లెక్క తేల్చే దారులున్నాయి.

రెండు త్రిభుజాలు, ఒకే ఆకారం

ఎండలో నేలమీద నిట్టనిలువుగా నిలబెట్టిన కర్ర ఒక త్రిభుజానికి ఒక భుజం. నేలమీద పరుచుకున్న దాని నీడ రెండో భుజం. కర్ర కొసను తాకుతూ వచ్చి నీడ కొస దగ్గర నేలకు దిగే సూర్యకిరణం మూడో భుజం. కర్ర నేలకు లంబంగా ఉంది కాబట్టి దాని మొదట్లో ఉన్నది లంబకోణం. చెట్టుకూ ఇలాంటి త్రిభుజమే ఉంటుంది. చెట్టు, చెట్టు నీడ, చెట్టు కొసనుంచి నీడ కొసకు దిగే కిరణం కలిసి దాని మూడు భుజాలు. అక్కడా మొదట్లో లంబకోణమే.

ఇక నీడ కొస దగ్గర కిరణానికీ నేలకూ మధ్య ఉండే కోణం చూడాలి. సూర్యుడు భూమికి దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అంత దూరం నుంచి వచ్చే కిరణాలు ఒక ఊరి మేర సమాంతరంగానే వస్తాయని తీసుకోవచ్చు. కాబట్టి ఒకే సమయంలో కర్ర దగ్గరా చెట్టు దగ్గరా ఆ కోణం ఒక్కటే. రెండు త్రిభుజాల్లో రెండేసి కోణాలు సమానమైతే మూడో కోణమూ సమానమే. అంటే ఆ త్రిభుజాలు సరూపాలు. ఒకే నెగటివ్ నుంచి తీసిన చిన్న ఫొటో, పెద్ద ఫొటో లాంటివి. పరిమాణం వేరు, ఆకారం ఒకటి. చిన్నదాంట్లో ఎత్తుకూ నీడకూ ఏ నిష్పత్తి ఉందో పెద్దదాంట్లోనూ అదే ఉంటుంది.

చెట్టు ఎత్తు ÷ చెట్టు నీడ = కర్ర ఎత్తు ÷ కర్ర నీడ

ఒక కొబ్బరి చెట్టు లెక్క

చదునైన బడి ఆవరణలో ఒక కొబ్బరి చెట్టు ఉందనుకుందాం. ఉదయం పది కావస్తోంది. పక్కనే ఖాళీ జాగాలో మీటరు పొడవు వెదురు కర్రను నిలబెట్టారు. ఇక్కడ పొడవంటే నేలపైకి కనిపించే భాగమే. కర్రను గుచ్చితే లోపలికి దిగిన భాగాన్ని లెక్కలోంచి తీసేయాలి. కర్ర నీడ 84 సెంటీమీటర్లు వచ్చింది. చెట్టు మానును ఆనించి టేపు పట్టి నీడ కొసదాకా కొలిస్తే 10 మీటర్ల 35 సెంటీమీటర్లు వచ్చింది.

ఇక్కడే ఒక చిన్న సవరణ చేయాలి. చెట్టు కొస ఉన్నది మాను నడిమికి పైన, తొక్కకు పైన కాదు. మాను అడ్డకొలత 30 సెంటీమీటర్లయితే దానిలో సగం, అంటే 15 సెంటీమీటర్లు నీడకు కలపాలి. అప్పుడు నీడ పొడవు సరిగ్గా 10.5 మీటర్లవుతుంది. దాన్ని 0.84తో భాగిస్తే 12.5 వస్తుంది. చెట్టు ఎత్తు పన్నెండున్నర మీటర్లు, అంటే 41 అడుగులు.

ఇదే చెట్టు మీద కర్ర నీడను ఒక్క సెంటీమీటరు తప్పుగా కొలిస్తే ఏమవుతుందో చూడవచ్చు. 84కు బదులు 83 అని రాసుకుంటే జవాబు 12.65 మీటర్లు వస్తుంది. కర్ర దగ్గర జరిగిన సెంటీమీటరు పొరపాటు చెట్టు కొసకు చేరేసరికి 15 సెంటీమీటర్లయింది. చెట్టు కర్రకన్నా ఎన్ని రెట్లు పెద్దదో పొరపాటు కూడా ఇంచుమించు అన్ని రెట్లు పెరుగుతుంది. అందుకే మూరెడు స్కేలు కన్నా మీటరు కర్ర మేలు, దానికన్నా రెండు మీటర్ల వాసం మేలు. చెట్టు నీడ కొలతలో పది సెంటీమీటర్లు అటూఇటూ అయినా అంత నష్టం లేదు. కర్ర నీడను మాత్రం మిల్లీమీటర్లలో చూసుకోవాలి.

రెండు నీడలూ ఒకేసారి

ఈ కొలతలో తరచుగా జరిగే పొరపాటు ఆలస్యం. చెట్టు నీడ ముందు కొలిచి, టేపు చుట్టి, కర్ర వెతికి తెచ్చి, నిలబెట్టి, దాని నీడ కొలిచేసరికి పది నిమిషాలు గడిచిపోతాయి. ఆ పది నిమిషాల్లో సూర్యుడు రెండు డిగ్రీలకు పైగా పైకి వస్తాడు. పైన చెప్పిన కర్ర నీడ 84 నుంచి 78 సెంటీమీటర్లకు తగ్గుతుంది. పాత చెట్టు నీడను కొత్త కర్ర నీడతో జోడిస్తే 10.5ను 0.78తో భాగించినట్టు. అప్పుడు జవాబు దాదాపు 13.5 మీటర్లు. పన్నెండున్నర మీటర్ల చెట్టు కాగితం మీద మీటరు పెరిగింది.

దీనికి విరుగుడు తేలికే. కొలవడానికి ముందు గుర్తులు పెట్టాలి. ఇద్దరు ఉంటే ఒకరు చెట్టు నీడ కొస దగ్గర, ఇంకొకరు కర్ర నీడ కొస దగ్గర నిలబడి, ఒక్క మాట మీద ఇద్దరూ నేలలో పుల్ల గుచ్చాలి. ఆ తర్వాత టేపుతో తీరిగ్గా కొలుచుకోవచ్చు. నీడ కదిలిపోయినా పుల్లలు కదలవు. ఒక్కరే ఉంటే కర్రను చెట్టు నీడ కొస పక్కనే నిలబెట్టుకుంటే రెండు పుల్లలకూ మధ్య కొన్ని సెకన్లకు మించి తేడా రాదు.

కర్ర వాలితే, నేల వాలితే

త్రిభుజాలు సరూపం కావాలంటే కర్ర, చెట్టు రెండూ నిట్టనిలువుగా ఉండాలి. కంటితో చూసి నిలువే అనుకున్న కర్ర అయిదు డిగ్రీలు వాలి ఉండడం మామూలే. మీటరు కర్ర అయిదు డిగ్రీలు వాలితే దాని కొస దాదాపు 9 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. అది నీడ పడే వైపు వాలిందంటే నీడ అంతమేర పెరిగి, చెట్టు ఎత్తు ఎనిమిది శాతం దాకా తగ్గి వస్తుంది. సూర్యుడి వైపు వాలితే ఎత్తు పెరిగి వస్తుంది. నీడకు అడ్డంగా, ఎడమకో కుడికో వాలితే మాత్రం పెద్ద తేడా ఉండదు. గోడ నిలువు చూడడానికి మేస్త్రీలు దారానికి కట్టి వేలాడదీసే గుండు ఇక్కడ పనికొస్తుంది. అది లేకపోతే దారానికి కట్టిన రాయి చాలు. రెండు పక్కల నుంచి చూసి దారమూ కర్రా ఒకే గీతలో ఉన్నాయనుకున్నాకే పుల్లలు గుచ్చాలి.

ఇదే కారణంతో ఒరిగిన కొబ్బరి చెట్టుకు మొదలునుంచి నీడ కొలిస్తే లాభం లేదు. మొవ్వు కిందికి గుండుదారం వేలాడదీస్తే నేలను ఎక్కడ తాకుతుందో అంచనా వేసి, ఆ చోటునుంచే నీడ కొలవాలి.

నేల వాలు విషయంలో ఒక ఆశ్చర్యం ఉంది. వాలు దానంతటది లెక్కను చెడగొట్టదు. చెట్టూ కర్రా ఒకే వాలు మీద ఉంటే, రెండు నీడలూ ఆ వాలు మీదే ఒకే దిశలో పడతాయి కాబట్టి త్రిభుజాలు అప్పుడూ సరూపాలే. మొదట్లో లంబకోణం ఉండదు కానీ అక్కడి కోణం రెండింటికీ ఒకటే. చిక్కు వచ్చేది చెట్టు వాలు మీదా, కర్ర చదునైన అరుగు మీదా ఉన్నప్పుడు. ఇరవై అడుగులకు ఒక అడుగు దిగే వాలు కంటికి పెద్దగా ఆనదు. కానీ అలాంటి వాలులో కిందివైపు పడిన చెట్టు నీడ, సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు, ఉండాల్సినదానికన్నా అయిదు శాతం పొడుగవుతుంది. కాబట్టి కర్రను చెట్టు నీడ పడిన నేలమీదే నిలబెట్టడం మంచిది.

నీడ కొస ఎక్కడ?

కర్ర నీడ కొస తెలిసినంత తేటగా చెట్టు నీడ కొస తెలియదు. మసగ్గా, తేలిపోతున్నట్టు ఉంటుంది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున కనిపించే బిళ్ల. బిళ్ల పై అంచునుంచి వచ్చే కిరణం ఒకచోట, కింది అంచునుంచి వచ్చేది ఇంకోచోట నేలకు దిగుతాయి. ఆ రెండింటి మధ్య భాగంలో సూర్యుడు కొంత కనిపిస్తాడు, కొంత మరుగున ఉంటాడు. ఆ భాగమే మసక అంచు. సూర్యుడు 45 డిగ్రీల మీద ఉన్నప్పుడు 15 మీటర్ల ఎత్తు భవనానికి ఈ మసక 28 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. సూర్యుడు 20 డిగ్రీలకు దిగితే అది మీటరు దాటుతుంది. పొద్దు వాలాక నీడలు పొడుగ్గా ఉండి కొలవడానికి అనువుగా కనిపిస్తాయి కానీ వాటి కొసలు నమ్మదగ్గవి కావు.

సన్నని వస్తువులతో ఇంకో ఇబ్బంది ఉంది. ఒక వస్తువు తన వెడల్పుకు దాదాపు 107 రెట్ల దూరం దాకానే గట్టి నీడ వేయగలదు. ఆ దూరం దాటితే దానికి సూర్యబిళ్లను పూర్తిగా కప్పే శక్తి ఉండదు. మూడు సెంటీమీటర్ల వెడల్పున్న కొబ్బరాకు గట్టి నీడ మూడు మీటర్లు దాటేసరికే పోతుంది. అది పది పదిహేను మీటర్ల పైనుంచి పడినప్పుడు నేలమీద మిగిలేది లేత మరక. అందుకే చెట్టు చిట్టచివరి ఆకు నీడ నేలమీద దొరకదు. దొరికేది ఆకులు గుబురుగా ఉన్న చోటి నీడ. నీడతో కొలిచిన చెట్టు అసలు ఎత్తుకన్నా కాస్త తక్కువే చూపిస్తుంది. గుడి గోపురం మీది కలశాల మొనలకూ, టవరు మీది సన్నని కడ్డీలకూ ఇదే వర్తిస్తుంది.

భవనం అంచు లాంటి గట్టి అంచుకైతే మసకలో సరైన చోటు పట్టుకునే ఉపాయం పాతదే. 13వ శతాబ్దంలో చైనా ఖగోళ శాస్త్రవేత్త గువో షౌజింగ్, 40 చైనా అడుగుల ఎత్తున అమర్చిన అడ్డకమ్మీ నీడను కొలవడానికి చిన్న బెజ్జం ఉన్న రాగిరేకు వాడాడు. ఇప్పుడు ఆ పనికి అట్టముక్క, మేకు చాలు. అట్టకు బెజ్జం పెట్టి, మసక అంచు మీద నేలకు మీటరు ఎత్తున సూర్యుడికి ఎదురుగా పట్టుకుంటే బెజ్జంలోంచి సూర్యుడి చిన్న గుండ్రని బొమ్మ నేలమీద పడుతుంది. అట్టను ముందుకూ వెనక్కూ జరుపుతుంటే ఆ బొమ్మ ఒక పక్కనుంచి కొరికినట్టు తరుగుతూ కనిపిస్తుంది. కొరికేది భవనం అంచే. బొమ్మ సరిగ్గా సగమైన చోట పుల్ల గుచ్చాలి. అదే సూర్యబిళ్ల నడిమినుంచి వచ్చిన కిరణం దిగిన చోటు.

నీడ గోడ ఎక్కితే

ఇళ్ల మధ్య ఉన్న చెట్టు నీడ పూర్తిగా నేలమీదే పడాలని లేదు. కొంత నేలమీద పాకి, అడ్డుగా ఉన్న గోడ ఎక్కుతుంది. అప్పుడు చెట్టును రెండు ముక్కలుగా ఊహించుకోవాలి. గోడమీద నీడ కొస నేలకు ఎంత ఎత్తున ఉందో, చెట్టులో అంత కింది భాగాన్ని పక్కన పెడితే, మిగిలిన పై భాగం నీడ పొడవు చెట్టునుంచి గోడదాకా ఉన్న దూరమే అవుతుంది. ఆ దూరానికి మామూలు లెక్క వేసి, గోడమీది ఎత్తును ఉన్నదున్నట్టుగా కలపాలి.

పై కొబ్బరి చెట్టుకు 8.4 మీటర్ల దూరంలో ఒక గోడ ఉందనుకుంటే, అదే సమయంలో నీడ కొస గోడమీద రెండున్నర మీటర్ల ఎత్తున కనిపిస్తుంది. 8.4ను 0.84తో భాగిస్తే 10. దానికి 2.5 కలిపితే మళ్లీ 12.5 మీటర్లే. గోడమీద పడిన ముక్కను కూడా నేలమీది నీడతో కలిపి భాగించడం ఇక్కడ జరిగే తప్పు. అలా చేస్తే 10.9ని 0.84తో భాగించినట్టవుతుంది, జవాబు 13 మీటర్లకు చేరుతుంది.

మొదలు అందనప్పుడు

నీడ కొలతకు ఆద్యుడిగా చెప్పే గ్రీకు తత్త్వవేత్త థేలీస్ క్రీస్తుపూర్వం 6వ శతాబ్దివాడు. ఆయన ఈజిప్టు పిరమిడ్ ఎత్తును నీడతో కొలిచాడన్న కథ, ఆయన తర్వాత శతాబ్దాలకు రాసిన పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంది. మనిషి నీడ మనిషంత అయిన వేళ పిరమిడ్ నీడను కొలిచాడని డయోజెనిస్ లయర్టియస్ రాశాడు. పిరమిడ్ నీడ కొస దగ్గర కర్ర నిలబెట్టి నిష్పత్తి కట్టాడని ప్లూటార్క్ రాశాడు. రెండు కథలూ దాటేసిన చిక్కు ఒకటుంది. గ్రేట్ పిరమిడ్ మొదట్లో దాదాపు 147 మీటర్ల ఎత్తు, అడుగున ఒక్కో పక్క 230 మీటర్లు. నీడను శిఖరానికి సరిగ్గా కింద ఉన్న బిందువునుంచి కొలవాలి. ఆ బిందువేమో రాళ్ల గుట్ట మధ్యలో, ఏ పక్కనుంచి చూసినా 115 మీటర్లు లోపల ఉంది. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున ఒక పక్కకు నేరుగా ఎదురుగా ఉంటే, 147 మీటర్ల నీడలో బయటికి కనిపించేది 32 మీటర్లు మాత్రమే. సూర్యుడు 52 డిగ్రీలు దాటితే నీడ కొస బయటికే రాదు.

మొదలు అందని వస్తువులు ఊళ్లలోనూ ఉంటాయి. కంచె లోపలి టవరు, కాలువ అవతలి చెట్టు అలాంటివే. వీటికి పనికొచ్చే దారి నీడ పొడవును వదిలేసి నీడ కొస కదిలిన దూరాన్ని కొలవడం.

ఒక కాలువ తూర్పు గట్టున తాటిచెట్టు ఉంది. పొద్దున్నే దాని నీడ కాలువ దాటి పడమటి వైపు, కోతలైన చేలో పడుతోంది. ఆ చేలోనే మీటరున్నర కర్రను నిలబెట్టి, తాటి తలకాయ నీడ కొస దగ్గరా కర్ర నీడ కొస దగ్గరా ఒకేసారి పుల్లలు గుచ్చారు. గంట ఆగి, నీడ కొసలు జరిగిన చోట మళ్లీ ఒకేసారి రెండు పుల్లలు గుచ్చారు. కర్ర నీడ కొస గంటలో కదిలిన దూరం, అంటే దాని రెండు పుల్లల మధ్య దూరం, 90 సెంటీమీటర్లు. తాటి నీడ కొస కదిలిన దూరం 10.8 మీటర్లు. రెండోది మొదటిదానికి 12 రెట్లు. కాబట్టి చెట్టు కొస కర్ర కొసకు 12 రెట్ల ఎత్తున ఉంది. ఒకటిన్నరను పన్నెండుతో గుణిస్తే 18 మీటర్లు. కాలువ దాటే పని పడలేదు.

ఇక్కడ పనిచేసేవి ఇంకో జత సరూప త్రిభుజాలు. ఇవి నిలువుగా కాక నేలమీద పడుకుని ఉంటాయి. కర్ర మొదలు, దాని మొదటి నీడ కొస, రెండో నీడ కొస కలిస్తే ఒక త్రిభుజం. తాటిచెట్టుకూ అలాంటిదే ఒకటి. రెండు వేళల్లోనూ నీడల నిష్పత్తి ఒకటే, గంటలో నీడ తిరిగిన కోణమూ ఒకటే. రెండు భుజాలు ఒకే నిష్పత్తిలో ఉండి వాటి మధ్య కోణం సమానమైతే త్రిభుజాలు సరూపాలు, కాబట్టి మూడో భుజాలు కూడా అదే నిష్పత్తిలో ఉంటాయి. ఆ మూడో భుజమే పుల్లల మధ్య దూరం.

ఈ పద్ధతికి రెండు షరతులున్నాయి. మొదటిది, వచ్చే ఎత్తు నీడ పడిన నేలనుంచి లెక్క, చెట్టు మొదలునుంచి కాదు. కాలువ గట్టు చేనుకన్నా మీటరున్నర ఎత్తు ఉంటే చెట్టు ఎత్తు 18 కాదు, 16.5 మీటర్లు. రెండోది, రెండు వేళల్లోనూ గుర్తు పెట్టిన నీడ ఒకే కొసది కావాలి. తాటిచెట్టుకు ఇది సులువు, తల గుండ్రంగా చిన్నదిగా ఉంటుంది. గుండ్రని మంచినీళ్ల ట్యాంకు నీడలో చిట్టచివర కనిపించేది ఉదయం ఒక అంచు, గంట తర్వాత ఇంకో అంచు. చింత, మర్రి లాంటి వెడల్పాటి చెట్లకు ఈ పద్ధతీ పనికిరాదు, మామూలు పద్ధతీ సరిగా కుదరదు. సూర్యుడు ఎత్తున ఉన్నప్పుడు వాటి నీడ అంచు నడిమి కొమ్మది కాదు, పక్కకు చాచిన కొమ్మది. ఎండ బాగా ఏటవాలుగా ఉన్నప్పుడే నడిమి కొమ్మ నీడ అన్నిటినీ దాటి ముందుకు వస్తుంది.

దీపం నీడ వేరు

రెండు నీడల తేడాతో ఎత్తు తేల్చడం భారతీయ గణితంలో పాత సంగతే. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో గణితపాదం దీపస్తంభం ఎత్తు కనుక్కునే సూత్రం చెప్పింది. నీడ కొలిచే కర్రకు ఆ శాస్త్రంలో పేరు శంకువు, నీడకు ఛాయ. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసార సంగ్రహంలో చివరి అధ్యాయం పేరే ఛాయావ్యవహారం. పావులూరి మల్లన సారసంగ్రహ గణితం పేరుతో తెలుగు చేసింది ఆ గ్రంథాన్నే.

దీపం లెక్క సూర్యుడి లెక్కలా ఉండదు. దీపం దగ్గరగా ఉంది కాబట్టి దాని కిరణాలు సమాంతరంగా రావు, విచ్చుకుంటూ వస్తాయి. ఎండలో ఒకే ఎత్తున్న రెండు కర్రలకు ఒకే పొడవు నీడ వస్తే, వీధిదీపం కింద దూరంగా ఉన్న కర్ర నీడే పొడుగు. అందువల్ల మామూలు నిష్పత్తి అక్కడ చెల్లదు. రెండు మీటరు కర్రలను స్తంభం నుంచి బయటికి ఒకే వరసలో నిలబెడితే, వాటి నీడలు 50, 75 సెంటీమీటర్లు, నీడ కొసల మధ్య దూరం 125 సెంటీమీటర్లు అనుకుందాం. కొసల మధ్య దూరాన్ని నీడల తేడాతో, అంటే 25తో, భాగిస్తే 5 వస్తుంది. దాన్ని కర్ర ఎత్తుతో గుణిస్తే దీపం ఎత్తు 5 మీటర్లు. ఇక్కడా స్తంభం మొదలు దాకా వెళ్లే అవసరం లేదు.

ఏ వేళ మంచిది

సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు కర్ర నీడ కర్రంతే ఉంటుంది, భాగహారమే అక్కర్లేదు. తెలుగు నేల మీద ఈ వేళ ఏడాది పొడవునా రోజుకు రెండుసార్లు, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం తర్వాత ఒకసారి వస్తుంది. డిసెంబరులో కూడా హైదరాబాద్‌లో మధ్యాహ్న సూర్యుడు 49 డిగ్రీల దాకా ఎక్కుతాడు. మీటరు కర్రకు అప్పటి మధ్యాహ్నపు నీడ 86 సెంటీమీటర్లు. వేసవి మధ్యాహ్నాలు ఈ పనికి పనికిరావు. మే రెండో వారంలో ఒక రోజు, ఆగస్టు మొదటి వారంలో ఒక రోజు హైదరాబాద్‌లో మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి సూర్యుడు నడినెత్తికి వస్తాడు. నిలువు కర్రకు ఆ నిమిషంలో నీడే ఉండదు. దానికి ముందూ వెనకా నీడ ఉన్నా చాలా పొట్టి. పొట్టి నీడలో సెంటీమీటరు తప్పు పెద్ద తప్పవుతుంది.

సూర్యుడు 35, 55 డిగ్రీల మధ్య ఉన్న వేళ చూసుకుని, కర్రను గుండుదారంతో నిలిపి, పుల్లలు ఒకేసారి గుచ్చితే, మీటరు కర్రతో కొలిచిన ఎత్తులో తప్పు సాధారణంగా రెండు మూడు శాతం ఉంటుంది. అంటే 18 మీటర్ల తాటిచెట్టుకు అర మీటరు అటూఇటూ. లెక్కలో 17.96 అని వచ్చినా పుస్తకంలో 18 అనే రాసుకోవాలి. పాయింటు తర్వాత వచ్చే ఆ రెండంకెలు భాగహారంలో పుట్టినవి, చెట్టును కొలిస్తే వచ్చినవి కావు.